హక్కు చెదిరితే ఆదుకునే బీమా

ఫ్లాట్ రిజిస్ట్రేషన్ పూర్తయితే యాజమాన్యం ఖాయమైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసు నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. అమ్మినవారికి అమ్మే హక్కు ఉందని ప్రభుత్వం పూచీ పడదు. ఆ హక్కులో పాత లోపం బయటపడితే కొనుగోలుదారుకు జరిగే నష్టాన్ని భరించేదే టైటిల్ ఇన్సూరెన్స్.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒక హిందూ కుటుంబంలో తండ్రి స్వార్జితంగా స్థలం కొని, వీలునామా రాయకుండా చనిపోయాడు. భార్య అంతకుముందే కాలం చేసింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. కొడుకులిద్దరే సంతకాలు చేసి స్థలాన్ని బిల్డర్‌కు అమ్మేశారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికి మూడో వంతు వస్తుంది. ఈసీ తీస్తే ఆమె పేరు ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. లింక్ డాక్యుమెంట్లతో పాటు వారసుల ధ్రువపత్రం అడిగి, ప్రతి వారసుడి సంతకమూ సరిచూస్తేనే ఈ లోపం దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ లేచి, ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక ఆమె పార్టిషన్ దావా వేస్తే, ప్రతి ఫ్లాటుకూ దక్కిన అవిభాజ్య స్థలం వాటా వివాదంలో పడుతుంది.

ఇంటి బీమా ఇక్కడ పనికిరాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష వంటి పాలసీ అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం వల్ల ఇంటికి జరిగే నష్టానికి డబ్బిస్తుంది. పై కేసులో గోడకు పగులైనా రాలేదు. ఇంటి బీమా పాలసీ కాలంలో జరగబోయే ప్రమాదానికి. టైటిల్ బీమా పాలసీ తీసుకునేనాటికే దాగి ఉన్న లోపానికి. అందుకే దీనికి ప్రీమియం సాధారణంగా ఒక్కసారే కడతారు, ఏటేటా రెన్యువల్ ఉండదు. కోర్టులో హక్కును కాపాడుకునే ఖర్చు కూడా మామూలుగా ఇందులోనే వస్తుంది. ఆ ఖర్చే చాలాసార్లు అసలు భారం.

రెరా చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు టైటిల్ బీమా బిల్డరే తీసుకోవాలి. దాని ప్రయోజనం కొనుగోలుదారులకు, సంఘానికి బదిలీ అవుతుంది. 18వ సెక్షన్ ప్రకారం స్థలం హక్కులో లోపం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డురాదు. అయితే బిల్డర్ దివాళా తీస్తే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోవచ్చు. పాలసీ విలువ అప్పుడే తెలుస్తుంది.

పరిమితిని మాత్రం కళ్లారా చూసుకోవాలి. అరవై లక్షల చొప్పున వంద ఫ్లాట్ల విలువ 60 కోట్లు. బీమా మొత్తం 20 కోట్లే అయితే, హక్కు పూర్తిగా పోయినప్పుడు ఫ్లాటుకు సగటున 20 లక్షలకు మించి రాదు. కొనేముందే తెలిసిన లోపం, పాలసీ తర్వాత యజమాని తానే తెచ్చుకున్న చిక్కు సాధారణంగా కవర్ కావు. అందుకని బిల్డర్ మాట సరిపోదు. పాలసీ కాపీ చేతికి తీసుకుని, అందులో రాసిన సర్వే నంబరు సేల్ డీడ్‌లోని సర్వే నంబరుతో సరిపోతోందో లేదో చూసుకోవాలి.