గ్రూపు పనికి రాని కిరణ్‌కి ఏమని రాయాలి?

ఎంబీఏ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ గొడవ వినని వాళ్లు తక్కువ. మార్కెటింగ్ సబ్జెక్టులో ఐదుగురిని ఒక గ్రూపు చేస్తారు. ఏదో ఒక వస్తువు తీసుకుని, దాన్ని ఎవరికి అమ్మాలి, ఎంతకి అమ్మాలి, ఎక్కడ అమ్మాలి అన్నది తేల్చి క్లాసు ముందు చెప్పమంటారు. పని నలుగురు చేస్తారు, ఐదో మనిషి కనపడడు. ప్రెజెంటేషన్ మూడు రోజుల్లో ఉందనగా టీమ్ లీడర్‌కి ఓపిక నశించి ఫోను తీసుకుంటుంది. ఆ పది నిమిషాల్లో ఆమె టైపు చేసే మెసేజే ఆ మనిషి తిరిగి పనిలోకి వస్తాడా, పూర్తిగా దూరమవుతాడా అన్నది చాలావరకు నిర్ణయిస్తుంది.

ఒక గ్రూపుని ఊహించుకుందాం. గుంటూరులో ఒక కాలేజీ. వస్తువు రాగి బిస్కెట్లు, వంద గ్రాముల ప్యాకెట్. లీడర్ పేరు శ్రావణి అనుకుందాం, రాని కుర్రాడు కిరణ్. సోమవారం పొద్దున 11 గంటలకు ప్రెజెంటేషన్. మంగళవారం, గురువారం అందరూ కూర్చున్నారు, కిరణ్ రెండుసార్లూ రాలేదు. అతని వంతు ధర భాగం. శుక్రవారం సాయంత్రానికి ఆ స్లైడు మీద "ధర" అన్న శీర్షిక తప్ప ఏమీ లేదు.

శ్రావణి వాట్సాప్ గ్రూపులో మొదట టైపు చేసేది దాదాపు ఇలా ఉంటుంది: "కిరణ్, నీకు అస్సలు బాధ్యత లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ చూసి కూడా రిప్లై ఇవ్వవు. ఎప్పుడూ ఇంతే నువ్వు. మేమంతా పిచ్చివాళ్లమా? ఇలాగైతే సర్‌కి చెప్పేస్తాం."

ఆ కోపంలో అన్యాయమేమీ లేదు. కానీ కిరణ్ వైపు నుంచి ఈ మెసేజ్ చదివి చూడండి. ఇప్పుడు అతను ఏం చేయాలో ఇందులో ఒక్క ముక్క లేదు. ఏ రోజు రాలేదో, దాని వల్ల ఏం ఆగిందో, ఎప్పటికి ఏం కావాలో లేదు. ఉన్నదల్లా అతని స్వభావం మీద తీర్పు, అది కూడా మరో ముగ్గురు చూస్తుండగా. "ఎప్పుడూ ఇంతే" అన్న మాటకి జవాబిచ్చే కుర్రాడు ధర స్లైడు సంగతి ఎత్తడు, పోయిన సెమిస్టర్‌లో తను చేసిన పని ఎత్తుతాడు. లేదా గ్రూపులోంచి లెఫ్ట్ అవుతాడు.

మనిషి ఇలా ఎందుకు జారుకుంటాడన్నది మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. పదిమందిలో పాము చావదు అంటారు. కర్ర అందరి చేతిలోనూ ఉంటుంది, ఎవరో ఒకరు కొడతారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు దీన్ని తాడుతో కొలిచాడు. 1913లో అచ్చయిన అతని లెక్క ప్రకారం ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి నుంచి వచ్చిన బలం, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగమే. అందులో కొంత నష్టం అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల కావచ్చు. ఆ భాగాన్ని విడదీసి చూసినవాళ్లు అమెరికాలో లటానే, విలియమ్స్, హార్కిన్స్. కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, నీతోపాటు మరికొందరు కూడా అరుస్తున్నారని చెప్పి ఒక్కడి చేతే అరిపించారు. నిజానికి పక్కన ఎవరూ గొంతు కలపకపోయినా, గుంపులో ఉన్నాననుకున్న మనిషి గొంతు తగ్గింది. ఇది 1979 నాటి మాట. ఆ ముగ్గురే 1981లో మరో సంగతి చూపించారు. గుంపులో అరుస్తున్నా ఎవరి గొంతు ఎంతో విడిగా కొలుస్తున్నారని తెలిస్తే, ఆ తగ్గుదల పోయింది.

శ్రావణికి పనికొచ్చేది ఈ చివరి ముక్క. కిరణ్ వంతు పని విడిగా కనపడేలా మెసేజ్ రాయాలి. "అందరం కష్టపడదాం" అంటే ఆ పని మళ్లీ గుంపులో కలిసిపోతుంది. "కాస్త ధర సంగతి చూడు" అన్నా అంతే. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసే పని చెప్పాలి, అది అయిందో లేదో ఎవరు చూసినా చెప్పగలగాలి.

మెసేజ్ గ్రూపులో పెట్టకుండా అతనొక్కడికే పంపాలి. నేనైతే ఇలా రాయమంటాను:

"కిరణ్, మంగళవారం, గురువారం మనం కూర్చున్నప్పుడు నువ్వు రాలేదు. ధర స్లైడు ఇంకా ఖాళీగా ఉంది. ధర తేలకపోతే దివ్య లాభం లెక్క కట్టలేదు, అందుకని ఆఖరి మూడు స్లైడ్లు ఆగిపోయాయి. రావడానికి ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పు, నాకొక్కదానికే చెప్పినా చాలు, టైము మార్చుకుందాం. నీ నుంచి కావాల్సింది ఇది: ఐదు కిరాణా కొట్లకి వెళ్లి, రాగి బిస్కెట్ ప్యాకెట్లు ఏవి అమ్ముతున్నారు, బరువెంత, ధరెంత, కొత్త బిస్కెట్ పెట్టుకోవాలంటే ఎంత మార్జిన్ అడుగుతారు అన్నది రాసుకో. రేపు రాత్రి 8 లోపు నాకు పంపు. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపినా సరే. కుదరదనుకుంటే ఈ రాత్రి 10 లోపు చెప్పు, నేనూ దివ్యా చేసుకుంటాం. అప్పుడు ఎవరేం చేశారో రాసి సర్‌కిచ్చే పేజీలో ధర భాగం మా ఇద్దరి పేర్ల మీద ఉంటుంది."

ఇందులో "బాధ్యత" అన్న మాట లేదు. రెండు రోజులు, ఒక ఖాళీ స్లైడు ఉన్నాయి, వాటిని కాదనడానికి ఏమీ ఉండదు. చివరి వాక్యం కొంతమందికి బెదిరింపులా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. జరగబోయేది ముందే చెప్పడం అతనికిచ్చే మర్యాద. ప్రెజెంటేషన్ అయిపోయాక మార్కులు తగ్గించమని సర్ దగ్గరికి వెళ్లడం కన్నా ఇదే మంచిది. అయితే ఆ పేజీ నిజంగా ఇవ్వాల్సి ఉంటేనే దాని మాట ఎత్తాలి. చేయనిదాన్ని చేస్తానని రాస్తే, తర్వాత ఏం రాసినా అతను పట్టించుకోడు.

ఐదు కొట్ల పని ఎందుకు అంటే, ఈ గ్రూపులో మిగతావాళ్ల లెక్కంతా దాని మీదే నిలబడింది. వాళ్లు ప్యాకెట్ ధర 30 రూపాయలు అనుకున్నారు. కొట్టువాడికి 15 శాతం ఇస్తే 4.50, డిస్ట్రిబ్యూటర్‌కి 1.50, కంపెనీ చేతికి వచ్చేది 24. తయారీ, ప్యాకింగు, రవాణా కలిపి 19 అనుకుంటే, పన్ను పక్కన పెట్టి, ప్యాకెట్‌కి 5 రూపాయలు మిగులుతుంది. కొత్త సరుకుకి 20 శాతం కావాలని కొట్లవాళ్లు అంటే కంపెనీకి వచ్చేది 22.50, మిగిలేది 3.50 మాత్రమే. లాభంలో దాదాపు మూడో వంతు పోయింది. "మీ మార్జిన్ ఏ లెక్కన పెట్టారు?" అని మాస్టారు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఊహించి పెట్టామంటే ప్రెజెంటేషన్ అక్కడే కూలబడుతుంది. "నీ పని ముఖ్యం" అని ఎన్నిసార్లు చెప్పినా కలగని పట్టింపు, తన అంకె లేక దివ్య లెక్క ఆగిపోయిందని తెలిస్తే కలుగుతుంది.

ఇబ్బంది ఏమిటో చెప్పమన్న వాక్యాన్ని లాంఛనంగా పెట్టకూడదు. మన కాలేజీల్లో గ్రూపు పనికి రాని పిల్లలందరూ సోమరులు కాదు. సాయంత్రం ఆరింటికి మీటింగు పెడితే, ఆ వేళకి పార్ట్‌టైమ్ పనికి వెళ్లే కుర్రాడు రాలేడు, ఆ సంగతి నలుగురిలో చెప్పుకోడు. ఊరికి ఆఖరి బస్సు పోతుందని వెళ్లిపోయే అమ్మాయి ఉంటుంది. తెలుగు మీడియంలో చదివొచ్చి, ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే గొంతు పట్టేసే పిల్లలు నిజంగా చాలామంది. వాళ్లు తప్పించుకునేది పని నుంచి కాదు, మైకు నుంచి. అలాంటివాడికి కొట్ల సర్వే ఇస్తే పరుగెత్తుకెళ్లి చేసుకొస్తాడు, ఎందుకంటే అక్కడ మాట్లాడేది తెలుగే. అందుకే పై మెసేజ్‌లో స్లైడు చేయమని లేదు, ఫొటో చాలని ఉంది. ఏ భాగం కష్టమో తెలియనప్పుడు, మొదటి మెట్టు వీలైనంత తక్కువ ఎత్తులో పెట్టాలి.

ఇంత ఓపిక ఎందుకు, ఆ పనీ మేమే చేసేస్తాం అనే లీడర్లు ఉంటారు. ఒక్కసారికి గడుస్తుంది. కానీ చూస్తున్న మిగతా ముగ్గురి సంగతి ఆలోచించాలి. చేయగలిగిన మనిషి చేయకుండా కూర్చుని తమ కష్టం మీద మార్కులు తెచ్చుకుంటున్నాడని తెలిస్తే, కష్టపడేవాళ్లు కూడా చేతులు వెనక్కి తీసుకుంటారు. నార్బర్ట్ కెర్ 1983లో ప్రయోగంలో చూపించింది ఇదే. కాబట్టి ఈ మెసేజ్ మొదటి మీటింగు తప్పిన రాత్రే వెళ్లి ఉంటే ఇంకా మేలు. అప్పుడైతే రెండు వాక్యాలు సరిపోయేవి.

కిరణ్ నుంచి వచ్చే జవాబు మూడు రకాల్లో ఒకటి. "సారీ, రేపు పంపేస్తా" అంటే, సంతోషపడే ముందు ఒక ప్రశ్న వేయాలి: ఏ కొట్లకి, ఏ టైములో వెళ్తావు? దానికి జవాబు చెప్పగలిగితే పని కదిలినట్టే. "చేస్తాలే" అని తప్పించుకుంటే, శనివారం మధ్యాహ్నం ఇంకోసారి కనుక్కోవాలి. రెండో రకం, గొడవ: "మీరు నన్నెప్పుడైనా అడిగారా, టైము మీరే పెట్టుకున్నారు." ఇందులో నిజం ఉంటే ఒప్పుకుని, వెంటనే 8 గంటల మాటకి తిరిగి రావాలి. పాత లెక్కలు తేల్చుకోవడానికి సోమవారం తర్వాత బోలెడు సమయం ఉంది. మూడోది మౌనం. నీలం టిక్కులు పడి, 10 గంటలు దాటితే, మళ్లీ మెసేజ్ పెట్టకుండా ఒక్కసారి ఫోన్ చేయాలి. ఎత్తకపోతే, రాసిన ప్రకారం శనివారం పొద్దున్నే శ్రావణి, దివ్య కొట్లకి బయల్దేరాలి. ఆ సంగతి కిరణ్‌కి ఒక్క వాక్యంలో చెప్పాలి: "ధర భాగం మేం తీసుకున్నాం, పోటీ బ్రాండ్ల స్లైడులో అంకెలు సరిచూడాల్సి ఉంది, చేస్తానంటే ఆదివారం పది గంటలకి రా."

ఒకవేళ శనివారం రాత్రి ఐదు కొట్లకి బదులు మూడు కొట్ల వివరాలే వస్తే, ఆ మూడే స్లైడులో పెట్టి, మూడు కొట్లని అడిగామని నిజం రాసేయాలి. దాని కింద కిరణ్ పేరుండాలి. మార్జిన్ మీద ప్రశ్న వస్తే జవాబు అతనే చెప్పాలి, ఆ కొట్లవాళ్లతో మాట్లాడింది అతనే కనుక. ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు ఆ జవాబుని ఒకసారి అతని చేత చెప్పించి, తడబడిన చోట ఇంగ్లిష్ మాటలు అందించి, మళ్లీ చెప్పించాలి.