లక్షా ఇరవై ఆరు వేల తేడా ఎక్కడుంది?

మార్చి 31 దాటాక కంపెనీల అకౌంట్స్ విభాగాలకు సప్లయర్ల నుంచి స్టేట్‌మెంట్లు రావడం మొదలవుతుంది. ‘మా పుస్తకాల ప్రకారం మీ నుంచి మాకు ఇంత రావాలి, సరిచూసి ఖాయం చేయండి’ అని అడిగే కాగితాలవి. కంపెనీ లెడ్జర్‌లో అదే పార్టీ ఖాతా తెరిస్తే చాలాసార్లు ఇంకో అంకె కనిపిస్తుంది. అప్పుడు ఫైనాన్స్ ఆఫీసర్ ఒక జవాబు రాయాలి. ‘మా లెడ్జర్ ప్రకారం మీకు రావలసింది ఇంతే’ అని ఒక్క వాక్యం రాసి, లెడ్జర్ కాపీ జతచేసి పంపేవాళ్ళే ఎక్కువ. అది చదివిన సప్లయర్‌కు తన డబ్బు కోసేశారన్న అనుమానం తప్ప మరేమీ మిగలదు. ఆ జవాబు ఎలా ఉంటే తేడా తేలుతుందో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

గుంటూరు దగ్గర మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఉందనుకుందాం. దాని అమ్మోనియా కంప్రెసర్ల నిర్వహణ హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక చిన్న భాగస్వామ్య సంస్థది. మూడు నెలలకొకసారి సర్వీసు బిల్లు వేస్తుంది, అవసరమైనప్పుడు విడిభాగాలు పంపుతుంది. 2025 మార్చి 31 నాటికి తనకు 4,12,000 రూపాయలు రావాలని ఆ సంస్థ స్టేట్‌మెంట్ పంపింది. కంపెనీ లెడ్జర్‌లో ఉన్నది 2,86,000. తేడా 1,26,000.

మంచి ఆఫీసర్ మొదట చూసేది ముగింపు అంకెను కాదు, ఏప్రిల్ 1 నాటి ప్రారంభ నిల్వను. అది రెండు పుస్తకాల్లోనూ ఒకటే అయితే గొడవంతా ఈ ఒక్క సంవత్సరంలోనే ఉందని తెలిసిపోతుంది, పాత ఫైళ్ళు తీయనక్కర్లేదు. ఆ తర్వాత రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని, అక్కడా ఇక్కడా ఉన్న ప్రతి బిల్లుకూ ప్రతి చెల్లింపుకూ టిక్కు పెడతాడు. టిక్కు పడకుండా మిగిలినవే తేడా. మన ఉదాహరణలో అవి నాలుగు రకాలు. జవాబు ఇలా మొదలవుతుంది:

“నమస్కారమండీ. మీ స్టేట్‌మెంట్ అందింది. ప్రారంభ నిల్వ మా దగ్గరా మీ దగ్గరా ఒకటే ఉంది. మీరు చూపిన 4,12,000తో మొదలుపెట్టి, మా 2,86,000కు ఎలా వచ్చామో ఒక్కొక్క పద్దు కింద రాస్తున్నాను. ప్రతిదానికీ కాగితం జతచేశాను. సరిదిద్దవలసింది మేమో మీరో కూడా అక్కడే రాశాను.”

ఎదుటివారి అంకెతో మొదలుపెట్టడం మర్యాద కోసం మాత్రమే కాదు. సప్లయర్ దగ్గర అకౌంట్లు రాసే మనిషి చేతిలో ఉన్నది తన స్టేట్‌మెంటే. అందులోంచి ఏది తీసేయాలో, ఏది ఉంచాలో చెబితేనే అతను వెంట రాగలడు.

మొదటి పద్దు టీడీఎస్. సర్వీసు బిల్లు ఒక్కొక్కటి లక్ష రూపాయలు, దానిమీద జీఎస్టీ 18,000, మొత్తం 1,18,000. ఇలాంటి కాంట్రాక్టు పనికి భాగస్వామ్య సంస్థకు చెల్లించేటప్పుడు కంపెనీ 2 శాతం పట్టి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. జీఎస్టీ బిల్లులో విడిగా కనబడితే దాన్ని వదిలేసి అసలు లక్ష మీదే పడుతుంది కాబట్టి, బిల్లుకు 2,000 చొప్పున నాలుగు బిల్లులకు 8,000. సప్లయర్ గుమస్తా బ్యాంకులో పడిన 1,16,000ను జమ రాసుకుని, మిగతా 2,000ను కంపెనీ బాకీగానే వదిలేస్తూ వచ్చాడు. ఇది సర్వసాధారణంగా జరిగేదే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. నాలుగో బిల్లుకు డబ్బే చెల్లించలేదు కదా, దానిమీద టీడీఎస్ ఎలా పట్టారు? ఈ పన్నును డబ్బు చెల్లించినప్పుడు గానీ, సప్లయర్ ఖాతాలో బిల్లు జమ రాసినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు పట్టాలి. మార్చి బిల్లు లెడ్జర్‌కు ఎక్కిన రోజే 2,000 పక్కకు వెళ్ళిపోయింది. అందుకే ఆఫీసర్ ఇలా రాస్తాడు:

“నాలుగు సర్వీసు బిల్లుల మీద పట్టిన టీడీఎస్ 8,000. మొదటి మూడింటిది, అంటే 6,000, మీ పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో ఇప్పటికే కనిపిస్తుంది. నాలుగోదాన్ని ఏప్రిల్ 30లోగా కడతాం. ఆ మూడు నెలల రిటర్న్‌కు గడువు మే 31. మేం దాఖలు చేశాకే అది మీకు కనిపిస్తుంది. దయచేసి ఈ 8,000ను మా బాకీలోంచి తీసి, మీ పుస్తకాల్లో టీడీఎస్ ఖాతాకు రాసుకోండి.”

ఆ చివరి వాక్యం లేకపోతే సప్లయర్‌కే నష్టం. ఆ 8,000 అతని పేరిట ప్రభుత్వానికి చేరిన పన్ను. రిటర్న్ వేసేటప్పుడు చూపిస్తే అతని పన్నులో తగ్గుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. కంపెనీ బాకీ అనుకుంటూ కూర్చుంటే ఇటు కంపెనీ ఇవ్వదు, అటు పన్నులో తగ్గించుకోవడమూ మరిచిపోతాడు.

రెండోది దారిలో ఉన్న సరుకు. మార్చి 29 శనివారం నాడు సప్లయర్ 50,000 విలువైన విడిభాగాలకు బిల్లు కొట్టాడు, జీఎస్టీతో 59,000. మర్నాడు ఉగాది, సోమవారం రంజాన్. లారీ గుంటూరు చేరి గేటు ఎంట్రీ పడింది ఏప్రిల్ 2న. బిల్లు తేదీ మార్చిది కనుక సప్లయర్ మార్చిలోనే రాసుకున్నాడు. సరుకు అందనిదే ఆ జీఎస్టీని వాడుకునే హక్కు కంపెనీకి లేదు. మార్చి 31 రాత్రి లెక్కపెట్టిన స్టాకులోనూ ఆ భాగాలు లేవు. కాబట్టి కంపెనీ ఏప్రిల్‌లో రాసుకుంది. సరుకు గోడౌన్‌కు చేర్చే బాధ్యత సప్లయర్‌దేనని ఆర్డరులో ఉన్నప్పుడు ఇద్దరి లెక్కలో ఈ తేడా సహజం. ఎవరూ దేన్నీ దిద్దనక్కర్లేదు, ‘ఏప్రిల్ 2న మా లెడ్జర్‌లో జమ అయింది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. సరుకు లారీ ఎక్కగానే సొంతదారు మారతాడని ఆర్డరులో ఉంటే మాత్రం అది కంపెనీ మార్చి లెక్కలోకే రావాలి. తేదీల గొడవ వచ్చినప్పుడు ముందు ఆర్డరు షరతులు చదవమనేది అందుకే.

మూడో పద్దు దగ్గరే స్నేహాలు చెడేది. ఫిబ్రవరి 10న ఆరు షాఫ్ట్ సీళ్ళు వచ్చాయి, ఒక్కొక్కటి పదివేలు. వాటిలో రెండింటి అంచుల మీద గీతలున్నాయి. అలాంటి సీలు వేస్తే అమ్మోనియా లీకవుతుంది, అది మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. స్టోర్‌కీపర్ ఆ రెండింటినీ పక్కన పెట్టాడు. కంపెనీ ఫిబ్రవరి 18న అభ్యంతరం రాతపూర్వకంగా పంపి, 20న వాటిని తిప్పి పంపింది. అదే రోజు 20,000కు జీఎస్టీ 3,600 కలిపి 23,600కు డెబిట్ నోట్ వేసింది. సప్లయర్ స్టేట్‌మెంట్‌లో దాని జాడే లేదు.

డెబిట్ నోట్ వేసిన మాట ఒక్కటే చెప్పే సందేశం ఇక్కడ సరిపోదు. ఎందుకు వేశారో, ఏ తేదీన తెలియజేశారో చూపాలి. సూక్ష్మ, చిన్న సంస్థల విషయంలో చట్టం కచ్చితంగా ఉంది. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దాన్ని అంగీకరించినట్టే లెక్క. మన కంపెనీ ఎనిమిదో రోజునే రాసింది కాబట్టి దాని మాట నిలుస్తుంది. ఏడాది చివర్లో లెక్క తేలక, గడిచిపోయిన నెలల సరుకు మీద హఠాత్తుగా డెబిట్ నోట్లు వేసే కంపెనీలూ ఉన్నాయి. అది అన్యాయం. అలాంటి నోటును సప్లయర్ నిరభ్యంతరంగా కాదనవచ్చు.

“తిప్పి పంపిన రెండు సీళ్ళకు సంబంధించి 23,600. సరుకు అందిన చీటీ, మా 18వ తేదీ లేఖ, మీ డ్రైవర్ సంతకం చేసిన వాపసు చలానా జతచేశాను. దీనికి మీరు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. 3,600 జీఎస్టీని మేం వాడుకోలేదు.”

క్రెడిట్ నోట్ అడగడంలో సప్లయర్ మేలే ఉంది. కొనుగోలుదారు వేసే డెబిట్ నోట్ వల్ల అమ్మినవాడి జీఎస్టీ తగ్గదు. తగ్గాలంటే అతనే క్రెడిట్ నోట్ ఇచ్చి తన రిటర్న్‌లో చూపాలి. 2024-25 బిల్లులకు దాని గడువు 2025 నవంబర్ 30, వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే ఆ రోజే. అది దాటితే, వెనక్కి వచ్చేసిన సీళ్ళ మీద కట్టిన పన్ను చేతి నుంచి పోయినట్టే.

నాలుగో పద్దు పూర్తిగా కంపెనీ తప్పు. డిసెంబర్ 12న అందిన విడిభాగాల బిల్లు, 35,400, ఇంచుమించు అదే పేరున్న మరో పార్టీ ఖాతాలోకి ఎక్కింది. ఇలాంటి తప్పును ‘సర్దుబాటు’ అనే మాట కింద దాచేసే ఆఫీసర్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎదుటివారు రెండు అంకెలు దిద్దుకోవాలని అడుగుతున్నప్పుడు, మన అంకెను మనం ముందుగా దిద్దుకుంటేనే ఆ మాటకు విలువ.

“మీ డిసెంబర్ 12 బిల్లు పొరపాటున మరో ఖాతాలో పడింది. తప్పు మాది. ఆ పార్టీకి దీని డబ్బు వెళ్ళలేదని చూసుకున్నాం. ఈరోజే మీ ఖాతాకు మార్చాం, ఈ వారంలో చెల్లిస్తాం. ఆలస్యానికి చట్టప్రకారం మీకు రావలసిన వడ్డీ లెక్క పంపండి.”

వడ్డీ మాట ఊరకే రాసింది కాదు. ఈ సప్లయర్ చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఈ బిల్లుకు ఆ గడువు జనవరి 26తోనే అయిపోయింది. ఆలస్యానికి రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పైగా అలా గడువు మీరి మార్చి 31 నాటికి చెల్లించకుండా ఉన్న ఖర్చును కంపెనీ ఆ ఏడాది ఆదాయంలోంచి తగ్గించుకోలేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. పేర్లు కలిసిన చోట జీఎస్టీ నంబరు చూడకుండా ఎంట్రీ వేస్తే ఇంత దూరం వస్తుంది.

ఇప్పుడు కూడిక చూద్దాం. సప్లయర్ 4,12,000లోంచి టీడీఎస్ 8,000, సీళ్ళ 23,600 తీసేస్తే 3,80,400. కంపెనీ 2,86,000కు తన తప్పు 35,400 కలిపితే 3,21,400. రెంటికీ మధ్య మిగిలింది 59,000. అది దారిలో ఉన్న సరుకు, ఏప్రిల్ 2న చేరిపోయింది. ఒక్క రూపాయి కూడా మిగల్లేదు. మిగిలితే ‘చిన్న తేడాలు’ అని రాసి ముగించకూడదు. కనబడే చిన్న మొత్తం వెనుక ఒకదాన్నొకటి కొట్టేసుకున్న రెండు పెద్ద తప్పులు ఉండవచ్చు.

సప్లయర్లకు చివరిగా ఒక మాట. ఈ జవాబు వచ్చాక ఫోన్‌లో ‘సరేనండీ’ అని వదిలేయకండి. ఒప్పుకున్న మొత్తం మీద కంపెనీ సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తీసుకుని దాచుకోండి. బాకీ వసూలుకు కోర్టుకు వెళ్ళే కాలపరిమితి సాధారణంగా మూడేళ్ళు. అది ముగియకముందే బాకీ ఉందని రాసి సంతకం చేసి ఇస్తే, ఆ సంతకం తేదీ నుంచి మూడేళ్ళు కొత్తగా మొదలవుతాయి.