కంప్రెషన్ మేజోళ్ల పట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

కంప్రెషన్ మేజోళ్లు చీలమండ దగ్గర కాలిని గట్టిగా పట్టుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ పట్టు తగ్గుతుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవారి కాళ్లలో రక్తం కిందికి చేరి సిరలు ఉబ్బుతాయి. బయటి నుంచి పడే ఒత్తిడి ఆ సిరలను కాస్త కుదించి రక్తం గుండె వైపు తిరిగి వెళ్లడానికి తోడ్పడుతుంది. అందుకే ఆపరేషన్ థియేటర్‌లోనూ వార్డులోనూ పనిచేసే చాలామంది నర్సులు స్క్రబ్స్ కింద వీటిని వేసుకుంటారు. డ్యూటీ దిగాక రెండింటినీ ఒకే బకెట్‌లో నానబెడితే మాత్రం మేజోళ్లకు చేటు.

మేజోళ్లలో పట్టునిచ్చేది ఎలాస్టేన్ అనే దారం. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ దీన్ని రూపొందించారు. లైక్రా అన్న పేరుతో అందరికీ తెలిసింది ఇదే. దీని అణువుల గొలుసులో మెత్తని భాగాలు, గట్టి భాగాలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. లాగినప్పుడు చుట్టుకుని ఉన్న మెత్తని భాగాలు విచ్చుకుంటాయి. గట్టి భాగాలు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు జారిపోకుండా ఆపుతాయి. వదిలేస్తే దారం మళ్లీ మొదటి పొడవుకు వస్తుంది. మేజోడులో ఈ దారం చుట్టూ నైలాన్ చుట్టి ఉంటుంది కాబట్టి లోపల ఎలాస్టేన్ దెబ్బతిన్నా పైకి మేజోడు కొత్తదానిలాగే కనిపించవచ్చు.

దారం ఎంత బిగువుగా లాగుతుందో, కాలు ఎంత లావుగా ఉందో, ఈ రెండింటి మీదే ఒత్తిడి ఆధారపడుతుంది. ఒక నర్సు చీలమండ చుట్టుకొలత 22 సెంటీమీటర్లు, పిక్క 36 సెంటీమీటర్లు అనుకుందాం. చీలమండ దగ్గర ఒత్తిడి 20 మిల్లీమీటర్ల పాదరసం. బీపీని కొలిచే కొలమానమే ఇది. దారం బిగువు రెండు చోట్లా ఒకటే అయితే లావుగా ఉన్న పిక్క మీద ఒత్తిడి సుమారు 12కే పరిమితమవుతుంది. అంటే కాలి ఆకారమే కొంతవరకు ఒత్తిడిని పైకి తగ్గిస్తుంది. మిగతాది అల్లికలో సరిచేస్తారు. దారం బిగువులో ఐదో వంతు పోతే చీలమండ దగ్గర 20 కాస్తా 16 అవుతుంది. పై అంచు జారుతోందని మడతపెడితే మరో ప్రమాదం: ఆ చోట రెండు పొరలు పడి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, రక్తం పైకి పోకుండా అడ్డుపడుతుంది.

ఉతికితే పట్టు పోతుందని కొందరు భయపడి మేజోళ్లను రోజుల తరబడి ఉతకకుండా వాడతారు. నిజానికి రోజంతా సాగి ఉన్న దారం గోరువెచ్చని నీటిలో మళ్లీ ముడుచుకుంటుంది. చెమట, చర్మపు జిడ్డు, కాళ్లకు రాసుకున్న క్రీము దారంలో పేరుకోకుండా వదిలిపోతాయి. అందుకే వాడిన రోజే ఉతకడం మంచిది. హాని చేసేవి వేడి, బ్లీచింగ్, మొరటుతనం. క్లోరిన్ ఎలాస్టేన్ గొలుసులను తెంచుతుంది, తెల్లని దారాన్ని పసుపుపచ్చగా మారుస్తుంది. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకూడదు. బండ మీద బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. తువ్వాలులో చుట్టి అదిమి, ఎండలో కాకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి.

స్క్రబ్స్ సంగతి వేరు. వాటి మీద రోగుల రక్తం, చీము పడవచ్చు. అందుకే బ్రిటన్ ఆస్పత్రుల లాండ్రీ నిబంధనల్లో 71 డిగ్రీల దగ్గర కనీసం 3 నిమిషాలు, లేదా 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలని ఉంటుంది. పాలిస్టర్, నూలు కలిసిన మామూలు స్క్రబ్స్ ఈ వేడిని తట్టుకుంటాయి. ఈమధ్య వస్తున్న సాగే స్క్రబ్స్‌లో కొద్ది శాతం ఎలాస్టేన్ కలుపుతున్నారు. పదేపదే వేడినీటిలో, బ్లీచింగ్‌లో ఉతికితే అవి మోకాళ్ల దగ్గర వదులై సంచుల్లా వేలాడతాయి. స్క్రబ్స్ వదులైతే పోయేది అందమే, మేజోడు వదులైతే వైద్యమే పోతుంది. కాబట్టి ఆ బకెట్‌లోని వేడినీళ్లూ హైపో స్క్రబ్స్‌కే. మేజోళ్లకు వేరే బకెట్ కావాలి.

రోజూ వాడే మేజోళ్ల ఆయుష్షు సాధారణంగా 6 నెలలు. రెండు జతలు కొని ఒకదాన్ని ఉతికి ఆరబెడుతూ ఇంకొకటి వేసుకోవడం తెలివైన పని. ఒకప్పుడు తంటాలుపడి ఎక్కించుకున్న మేజోడు ఇప్పుడు సునాయాసంగా ఎక్కుతోందంటే పట్టు తగ్గినట్టే. మధ్యాహ్నానికే జారిపోవడం, సాయంత్రం చీలమండ మళ్లీ వాయడం, అల్లికలోంచి తెల్లని సన్నని దారపు కొసలు బయటికి పొడుచుకురావడం కూడా గుర్తులే. కొత్త జతకు కొలత ఉదయం లేవగానే, కాలు వాయకముందే తీయాలి. కాలి ధమనుల్లో రక్తప్రసరణ సరిగా లేనివారు, నడిస్తే పిక్కలు పట్టేసేవారు, మధుమేహంతో కాళ్లలో స్పర్శ తగ్గినవారు డాక్టరు పరీక్షించకుండా వీటిని వేసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉన్నవారికి ఆస్పత్రిలో తొడిగే తెల్లని మేజోళ్లు పడుకున్నవారి కోసం తయారైనవి. వాటి ఒత్తిడి తక్కువ కాబట్టి రోజంతా నిలబడేవారికి అవి సరిపోవు.