ఆకు రాలిందా, అగ్గి తగిలిందా?

2019 ఫిబ్రవరి నెలాఖరులో కర్ణాటకలోని బందీపూర్ అడవి తగలబడింది. ఎండిన గడ్డి, దట్టంగా అల్లుకున్న లాంటానా పొదలు, పైగా గాలి. మంట ఆరాక అందరూ అడిగింది ఒకటే: ఎన్ని ఎకరాలు? హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలు చూసి, పదివేల ఎకరాలకు పైగానే అని లెక్క చెప్పింది.

అంత అడవి చుట్టూ తిరిగి కొలవడం అయ్యే పని కాదు. మంట గీత గీసినట్టు పోదు. ఒక పొదను కాల్చి పక్కదాన్ని వదిలేస్తుంది. అందుకే పైనుంచి చూస్తారు, అదీ మన కంటికి కనబడని వెలుగులో. పచ్చని ఆకు సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఆకులోని తేమ మాత్రం షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అనే మరో రకం కాంతిని పీల్చేసుకుంటుంది. అడవి కాలితే ఇది తిరగబడుతుంది. ఆకు పోయింది కాబట్టి మొదటిది పడిపోతుంది. తేమ పోయి, బొగ్గూ పొడి నేలా బయటపడ్డాయి కాబట్టి రెండోది పెరుగుతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం ఈ రెండింటినీ B8A, B12 అనే బ్యాండ్లలో నమోదు చేస్తుంది. వాటితో వేసే లెక్క ఇది:

```
NBR  = (B8A - B12) / (B8A + B12)
dNBR = మంటకు ముందు NBR - మంట తర్వాత NBR
```

చిత్రంలో ఒక్కో గడి 20 మీటర్ల చదరం. మన లెక్కలో దాదాపు పది సెంట్లు. పది గడులు కలిస్తే ఎకరం. ఒక గడిని తీసుకుందాం. (అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి.) మంటకు ముందు B8A 0.28, B12 0.12. తేడా 0.16ను మొత్తం 0.40తో భాగిస్తే NBR 0.40. మంట తర్వాత అవి 0.14, 0.21 అయ్యాయి, NBR మైనస్ 0.20కి దిగింది. అంటే dNBR 0.60. అమెరికా పరిశోధకులు కీ, బెన్సన్ ఇచ్చిన పట్టిక ప్రకారం 0.10 దాటితే కాలినట్టు, 0.44 నుంచి 0.66 దాకా ఓ మోస్తరు కంటే గట్టిగానే కాలినట్టు.

ఇక్కడితో ఆగితే మన అడవుల్లో తప్పులో కాలేసినట్టే. బందీపూర్ అయినా నల్లమల అయినా చాలా భాగం ఆకురాల్చే అడవి. జనవరి చిత్రాన్నీ మార్చి చిత్రాన్నీ పక్కపక్కన పెడితే, అగ్గిపుల్ల కూడా పడని చోట సైతం ఆకు రాలి, తేమ తగ్గి NBR పడిపోతుంది. మంట తగలని ఒక తునకలో అది 0.30 నుంచి 0.15కి దిగిందనుకోండి. dNBR 0.15! పట్టికను గుడ్డిగా నమ్మితే అడవంతా కాలిపోయిందని మ్యాపు వచ్చేస్తుంది. ఇలాంటి మ్యాపును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రంగు మండలమంతా పలచగా పరుచుకుని ఉంటుంది, ఎక్కడా అంచు తెగదు. నిజమైన మచ్చకు అంచు ఉంటుంది. తరచుగా అది ఏ బండిబాట దగ్గరో, వాగు దగ్గరో ఆగుతుంది.

విరుగుడు సులువే. అదే రకం అడవిలో కాలలేదని ఖాయంగా తెలిసిన చోట్ల dNBR సగటు తీసి, దాన్ని అన్ని గడుల నుంచీ తీసేయాలి. మన గడి 0.60 నుంచి 0.45కి వస్తుంది. కాలిన మాట నిజమే గానీ, మొదట అనుకున్నంత కాదు. రెండు చిత్రాల మధ్య రోజులు ఎంత తగ్గితే ఈ గొడవ అంత తగ్గుతుంది. మరీ తొందరపడితే పొగ అడ్డొస్తుంది, ఆలస్యం చేస్తే వేసవి జల్లుకు గడ్డి మొలిచి మచ్చను కప్పేస్తుంది.

ఆ పట్టిక కూడా అమెరికా అడవుల అనుభవంతో పుట్టిందే. అక్కడ పెద్ద మంట చెట్టు కొమ్మలదాకా పాకుతుంది. మన దగ్గర ఎక్కువగా నేలబారున పోతుంది: గడ్డీ పొదలూ మాడిపోతాయి, పెద్ద చెట్టు మిగులుతుంది. అందుకే కాలిందా లేదా అన్నంతవరకు మ్యాపు మాట నమ్ముతాను గానీ, ‘తీవ్రంగా’, ‘స్వల్పంగా’ అన్న రంగుల్ని నేల మీద సరిచూసుకోకుండా నమ్మను. సరిచూడ్డమంటే మ్యాపు పట్టుకుని అడవిలోకి వెళ్లి, మాను మీద మసి ఎంత ఎత్తుకు పాకిందో, బూడిద నల్లగా ఉందో పూర్తిగా కాలి తెల్లబడిందో చూడ్డం. వాగు ఒడ్డున ఆకు నిలుపుకున్న నేరేడు చెట్ల కిందికి తప్పక వెళ్లాలి. మ్యాపులో అక్కడ ఏమీ కాలనట్టే ఉంటుంది. గొడుగులాంటి ఆ పచ్చదనం కింద ఒక్కోసారి అడుగు వేస్తే చెప్పులు మునిగేంత బూడిద.