మూల కొట్టుకి వద్దు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల రోమ్ నగరం. చాలాకాలంగా పని లేక తిరుగుతున్న ఆంటోనియోకు గోడల మీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. సైకిలు ఉంటేనే ఉద్యోగం. ఉన్న ఒక్క సైకిలూ తాకట్టులో ఉంది. సంగతి విన్న భార్య మరియా ఎక్కువసేపు మాట్లాడదు. మంచం దగ్గరికెళ్లి పరుపు మీది దుప్పట్లు సర్రున లాగేస్తుంది. బీరువాలోవి కూడా తీసి మూటగట్టి తాకట్టు కొట్టుకు మోసుకెళ్తుంది. అవి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. గుమాస్తా వాటిని తిప్పి చూసి, వాడినవి కదా అంటాడు. కాస్త బేరం నడిచాక 7,500 లీరాలు చేతిలో పెడతాడు. ఆ డబ్బుతోనే సైకిలు విడిపిస్తారు.

విట్టోరియో డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్' సినిమాలో మొదటి పది పన్నెండు నిమిషాల్లోనే వచ్చే ఘట్టం ఇది. ఇంతవరకు చూసి వదిలేసినా బాగుండేది. కానీ దర్శకుడు ఇంకొక్క పని చేశాడు. సైకిలు కోసం నిలబడ్డ ఆంటోనియో లోపలికి తొంగి చూస్తాడు. తమ మూట పట్టుకుని ఒక పనివాడు నిచ్చెనలాంటి అరల మెట్ల మీద పైకి ఎక్కుతుంటాడు. ఒక వరుస, రెండో వరుస, ఆపైన ఇంకో వరుస. అన్నిటి నిండా అవే మూటలు, ఊళ్లోవాళ్ల దుప్పట్లు. యుద్ధం తర్వాత రోమ్ నగరం ఎంత చితికిపోయిందో చెప్పడానికి ఒక పాత్ర చేత ఉపన్యాసం ఇప్పించాల్సిన పని ఇక లేదు.

ఈ సినిమాలో డబ్బు గురించి మాటలే ఉండవని అనుకోకూడదు. బేరం ఉంది, విసుగు ఉంది, సైకిలు ఎందుకు తాకట్టు పెట్టాల్సి వచ్చిందన్న చిన్న వాదన కూడా ఉంది. అవి ఆ క్షణంలో ఆ మనుషులకు అవసరమైన మాటలు, ప్రేక్షకుడి కోసం అన్నవి కావు. తేడా అంతా అక్కడే. మన కథల్లోనూ సీరియళ్లలోనూ పేద పాత్ర ఇంట్లోవాళ్లకు తెలిసిన సంగతినే ఇంట్లోవాళ్లకు చెబుతుంది. "మీ నాన్న పోయాక మనకు ఎంత కష్టమొచ్చిందో చూశావుగా, రెండు పూటలా తినడానికి కూడా లేదు" అని తల్లి కూతురితో అంటుంది. పక్కనే ఉన్న కూతురికి ఆ సంగతి తెలియక కాదు. తల్లి మాట్లాడుతున్నది మనతో.

మాటలకు బదులు వస్తువులు పెట్టాలనగానే రచయితలు చేసే పని ఒకటుంది. చిరిగిన చీర, కారుతున్న పైకప్పు, ఖాళీ బియ్యపు డబ్బా, సొట్టలు పడ్డ గిన్నె తెచ్చి ఒకేచోట పేరుస్తారు. ఇదీ ఉపన్యాసమే, నోటితో కాకుండా సామానుతో. కదలకుండా పడి ఉన్న వస్తువు 'వీళ్లు పేదవాళ్లు' అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. మరియా దుప్పట్లు అలా ఊరుకోవు. అవి ఇంట్లోంచి బయటికి వెళ్లాయి, వాటి బదులు సైకిలు లోపలికి వచ్చింది, ఈ రాత్రి నుంచి వట్టి పరుపు మీద పడుకోవాలి. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి అన్న లెక్క వాటి వెంటే నడిచొచ్చింది. పేదరికాన్ని చూపించే వస్తువును ఎంచుకునేటప్పుడు అది ఎంత పాతది అని కాకుండా, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, దాని చోట ఏం వచ్చింది అని అడిగి చూడాలి.

ప్రవర్తనకూ ఇదే లెక్క. మర్నాడు ఉదయం ఆంటోనియో కొడుకు, చిన్నవాడు బ్రూనో, సైకిలు తుడుస్తూ ఒక సొట్ట కనిపెడతాడు. ఇంతకుముందు ఇది లేదు, తాకట్టు కొట్టువాళ్లే చేశారు, నేనైతే అడిగేవాణ్ని అని సణుగుతాడు. తమ సైకిలు మీద ఏ గీత ఎప్పటిదో గుర్తున్న పిల్లవాడు వాడు. ఇంట్లో విలువైన వస్తువు ఒక్కటే ఉంటే పిల్లలకు దాని ఒళ్లంతా కంఠతా వస్తుంది.

సత్యజిత్ రే ఈ సినిమాను 1950లో లండన్‌లో చూశాడు. సొంతంగా సినిమా తీయాలన్న ఆయన పట్టుదల గట్టిపడింది అప్పుడే. 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలీ'లో ముసలమ్మ ఇందిర్‌కు కప్పుకునే శాలువ చిరుగులు పట్టి ఉంటుంది. ఇంకొకరి దగ్గర కొత్తది సంపాదించి మురిపెంగా కప్పుకుని వస్తుంది. ఇంటి ఇల్లాలు సర్వజయకు సంతోషం కలగాలి కదా? మండిపోతుంది. చినిగిన శాలువ ఆ ఇంటి గుట్టు, కొత్త శాలువ ఆ గుట్టు ఊరికి తెలిసిపోయిందన్న రుజువు. నా ఉద్దేశంలో పేదరికం గురించి రాసేవాళ్లు ముందు పట్టుకోవలసింది ఈ దాచుకోవడాన్నే. లేమిలో ఉన్నవాళ్లు రోజంతా లేమిని ప్రదర్శిస్తూ కూర్చోరు, అది కనబడకుండా చూసుకోవడంలోనే వాళ్ల తెలివీ శక్తీ సగం ఖర్చవుతుంటాయి.

ఇది కాగితం మీద ఎలా పనిచేస్తుందో ఒక చిన్న సన్నివేశంతో చూద్దాం. మన కోస్తా పట్నం ఏదైనా అనుకోండి. భర్త లేడు, తల్లి జాకెట్లు కుడుతుంది, పదేళ్ల కూతురు. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా తల్లి అన్నగారు వస్తాడు.

రాయడానికి ముందు రచయిత తేల్చుకోవలసినది డబ్బు లెక్క. 'వీళ్లు బీదవాళ్లు' అనుకుంటే సరిపోదు. ఈ రోజు గురువారం. ఇంట్లో నలభై రూపాయలున్నాయి. కుట్టుకూలి శనివారం వస్తుంది. వీధి మూల కిరాణా కొట్టులో ఖాతా పెరిగిపోయి, కొట్టాయన పోయినవారమే ముఖం మాడ్చాడు. ఈ లెక్కలో ఒక్క అంకె కూడా కథలోకి రాదు, కానీ ప్రతి కదలికా దీన్నుంచే పుడుతుంది.

అన్నను కూర్చోబెట్టి తల్లి వంటింట్లోకి వెళ్తుంది, కూతుర్ని పిలిచి చేతిలో ఇరవై పెడుతుంది. చిన్న పాల ప్యాకెట్టు పదికి, కాఫీ పొడి ప్యాకెట్టు రెండుకి, పంచదార ఐదుకి. గొంతు తగ్గించి, "మూల కొట్టుకి వద్దు, గుడి దగ్గర కొట్టుకెళ్లు. పెరటి గుమ్మంలోంచి వెళ్లు" అంటుంది. పిల్ల పరుగెత్తుతుంది, తిరిగొచ్చి మిగిలిన మూడు రూపాయలు అడగకముందే తల్లికి ఇచ్చేస్తుంది. ఈలోగా తల్లి బయటి గదిలో ఊళ్లోవాళ్లందరి క్షేమ సమాచారాలూ వరసపెట్టి అడుగుతూ పొద్దుపుచ్చుతుంది. కాఫీ రెండు గ్లాసుల్లో వస్తుంది, ఒకటి అన్నకు నిండుగా, ఒకటి పిల్లకు సగం.

"నీకేదమ్మా?"

"నువ్వొచ్చే ముందే తాగానన్నయ్యా."

పాల కోసం పిల్ల వెళ్లడం మనం ఇప్పుడే చూశాం, కాబట్టి అది అబద్ధమని మనకు తెలుసు. అప్పు అన్న మాట ఎక్కడా రాలేదు, కానీ మూల కొట్టుకు ఎందుకు వద్దో పాఠకుడు పట్టుకుంటాడు. సంభాషణ మానేయమని ఎవరూ అనడం లేదు. పాత్ర చేత నిజం చెప్పించే బదులు, నిజాన్ని దాచే మాట అనిపిస్తే చాలు. 'ఇప్పుడే తిన్నాను', 'నాకు తీపి పడదు', 'నడిస్తే ఒంటికి మంచిదని బస్సెక్కలేదు' లాంటి మాటలు మన ఇళ్లలో కొత్తవి కావు.

మొదటి ప్రతిలో ఇదే గదికి ఊడిన పెచ్చులు, పిల్ల చిరిగిన గౌను, వెనక ఇంట్లో ఏడుపు కూడా చేరుతాయి. అవన్నీ కొట్టేసి చదివితే ఏమీ తగ్గదు. పని సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. సన్నివేశం తెలియనివాళ్ల చేత చదివించి, 'వీళ్లు పేదవాళ్లని అర్థమైందా' అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. 'ఈ తల్లి రేపు ఏం కొనగలదు, ఏం కొనలేదు' అని అడగండి. చదివినవాళ్లు దాదాపు సరైన అంచనా వేస్తే సన్నివేశం నిలిచినట్టు. 'పాపం' అని మాత్రమే అంటే మళ్లీ రాయాలి.

వస్తువు ఒంటరిగా ఉంటే తప్పుదారి కూడా పట్టిస్తుంది. మెడలో బంగారు గొలుసు లేకుండా పసుపుతాడే ఉందనుకోండి. గొలుసు తాకట్టుకు వెళ్లి ఉండొచ్చు, ఆ ఇంటి ఆచారమే అంత కావచ్చు, కొత్తగా పెళ్లయి ఉండొచ్చు. పసుపుతాడు వేసుకున్నామె మెడలో గొలుసు ఒరిపిడికి పడ్డ నల్లటి చార ఇంకా పోలేదని రాస్తే అప్పుడు గొలుసు ఉండేదనీ, ఈ మధ్యే వెళ్లిందనీ తెలుస్తుంది. పిల్లల యూనిఫాం కూడా ఇంతే. పొట్టిదైన గౌను బీదతనాన్ని ఊరికే అంటుంది. కింది మడత విప్పి పొడుగు చేసిన గౌనుకు పాత మడత దగ్గర ఒక గీత, దాని కింద వెలిసిపోని ముదురు రంగు పట్టీ ఉంటాయి. అది నిరుడు కొన్న గౌను అనీ, ఆ ఇంట్లో సూది పట్టే చేయి ఉందనీ ఆ పట్టీయే చెబుతుంది.

తెర మీద తేలిపోయేది కూడా ఇక్కడే. బట్ట ఎక్కడ పడితే అక్కడ చిరగదు. కాలరు మడత, మోచేతులు, జేబు అంచు, చీరకైతే నేలకు రాసుకునే కుచ్చిళ్ల అంచు ముందు అరుగుతాయి. అనుభవమున్న కాస్ట్యూమ్ పనివాళ్లు కొత్త బట్టను ఉతికి, సరిగ్గా ఆ చోట్లలోనే గరుకు కాగితంతో రుద్ది, టీ డికాక్షన్‌లో ముంచి పాతబరుస్తారు. తీరిక లేనివాళ్లు తళతళలాడే చొక్కాకు వీపు మధ్యలో చదరపు మాసిక వేసి వదిలేస్తారు. వీపు మధ్య చొక్కా ఎందుకు చిరిగిందో ఎవరూ అడగరు.

ఇంకో చిక్కు, ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది. పై సన్నివేశం పిల్ల వైపు నుంచి నడిచింది. ఆ పిల్లకు తన ఇంటి పాత ఫ్యాను పాతదిగా కనబడదు, అది ఫ్యాను, అంతే. 'రంగు వెలిసిన గోడల మధ్య' అని ఆమె కథలో రాస్తే ఆ చూపు ఆమెది కాదు, బయటి నుంచి వచ్చిన రచయితది. ఆమెకు కనబడేవి తేడా వచ్చినవే: మామయ్య చేతిలో స్వీట్ల పెట్టె, దానికి కట్టిన ఎర్ర దారం, అమ్మ గొంతు మామూలు కంటే హుషారుగా ఉండటం.

అదే సన్నివేశాన్ని మేనమామ వైపు తిప్పితే సామాను మారిపోతుంది. ఆయనకు మూల కొట్టు సంగతి తెలియదు. ఒక కాఫీకి ఇంతసేపెందుకు పట్టిందో, పిల్లకు ఆయాసమెందుకో మాత్రం గమనిస్తాడు. వెళ్లేటప్పుడు పిల్ల చేతిలో ఐదొందల నోటు పెడతాడు. అది తల్లి ఎదుట పెడితే మేనమామ ముచ్చట. తల్లి లోపలికి వెళ్లినప్పుడు గేటు దగ్గర మడతపెట్టి పెడితే ఆయనకు అంతా అర్థమైందని. రెండోది రాయదలుచుకుంటే 'ఆయనకు విషయం బోధపడింది' అన్న వాక్యాన్ని కొట్టేసి, గేటు దాకా నడిపించండి.