సున్న ఎవరిది, చుక్క ఎవరిది? కలిపిరాత నోట్సు ఎత్తి రాసుకునేవారి అపోహలు

పది రోజులు కాలేజీకి వెళ్లని పిల్లలు తోటివాళ్ల నోట్సు తెచ్చుకుని ఎత్తి రాసుకోవడం మామూలే. ఆ నోట్సు ఇంగ్లిష్ కలిపిరాతలో, అంటే కర్సివ్‌లో ఉంటే కొన్ని మాటల దగ్గర పెన్ను ఆగిపోతుంది. అక్కడ ఏం చేయాలన్న విషయంలో మనవాళ్లకు కొన్ని గట్టి నమ్మకాలున్నాయి.

అపోహ: దస్తూరి ముత్యాల్లా ఉంటే తికమకే ఉండదు.

ముత్యాల్లాంటి దస్తూరే ఒక్కోసారి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లిష్‌లో ఐ, యు, ఎన్, ఎమ్ అక్షరాలన్నీ ఒకే పొట్టి నిలువు గీత నుంచి పుట్టినవే. ఐకి ఒకటి, యు, ఎన్‌లకు రెండేసి, ఎమ్‌కు మూడు. మినిమమ్ అన్న మాట కలిపి రాస్తే అలాంటి గీతలు 15 వరుసగా నిలబడతాయి. చేయి ఎంత నిలకడగా ఉంటే అవి అంత ఒకేలా ఉంటాయి. మధ్యయుగాల్లో లాటిన్ రాతగాళ్లకూ ఇదే బాధ. ఆ గీతల గుంపులో ఐ ఎక్కడుందో తెలియడానికి దాని నెత్తిన పెట్టిన చిన్న గీతే తర్వాత చుక్కగా మారింది. ఎన్‌కూ యుకూ తేడా తెలియాలంటే రెండు గీతలు పైన కలిశాయా, కింద కలిశాయా చూడాలి. పైన కలిస్తే ఎన్, కింద కలిస్తే యు. వేగంగా రాసేవాళ్ల చేతిలో ఈ తేడా కూడా చెరిగిపోతుంది.

అపోహ: ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది.

సిరా నిండి మూసుకుపోయిన సున్నను పట్టుకోవడానికి అది పనికొస్తుంది. అంతకుమించి పెద్దగా ఉపయోగం లేదు. ఒక్క అక్షరాన్ని విడదీసి ఎంతసేపు చూసినా అది ఏదో ఒకటిగా తేలదు. అదే చేయి అదే పేజీలో, సందేహం లేని మాటల్లో ఆ అక్షరాన్ని ఎలా రాసిందో చూస్తేనే తేలుతుంది.

ఇంటర్ మొదటి ఏడాది బోటనీలో కణ విభజన పాఠం తీసుకోండి. మైటోసిస్, మియోసిస్ రెండూ అందులోనివే. రెంటికీ ఏడేసి అక్షరాలు. మొదట ఎమ్, చివర ఓ, ఎస్, ఐ, ఎస్. నడుమ రెండే తేడా: ఒకదానిలో ఐ, టీ, రెండోదానిలో ఈ, ఐ. చుక్కలు కూడా రెంటిలో రెండేసే. టీని పొట్టిగా రాసి అడ్డగీత మరిచిపోయి, ఐ చుక్కను కాస్త కుడికి జరిపి పెడితే మైటోసిస్ కాస్తా మియోసిస్‌లా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే పేజీలో 'సెల్ డివిజన్' అన్న శీర్షిక వెతకండి. డివిజన్‌లో ఐలు మూడు. వాటి చుక్కలు తమ గీతల మీదే ఉన్నాయా, లేక వీ, ఎస్, ఓల నెత్తిన పడ్డాయా? పక్క అక్షరాల మీద పడి ఉంటే ఆ విద్యార్థి చుక్క ఎప్పుడూ ఒక అక్షరం ముందుకు జరుగుతుందన్నమాట. అలాగైతే మన సందేహపు మాటలో మూడో అక్షరం మీదున్న చుక్క రెండోదానిది. తర్వాత 'సెల్'లో ఈ చూడండి. అక్కడ సున్న విప్పారి ఉండి, ఇక్కడ రెండో అక్షరంలో అసలు సున్నే లేకపోతే అది ఈ కాదు. ఇక 'ప్లాంట్'లోని టీ. అదీ పొట్టిగా ఉంటే మూడూ ఒకే మాట చెబుతున్నాయి: మైటోసిస్. ఒక్క ఆనవాలుతో మాత్రం తీర్పు ఇవ్వకండి.

అపోహ: ఒక అక్షరాన్ని ఒకరు ఎప్పుడూ ఒకేలా రాస్తారు.

పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపు మారుతుంది. బీ, ఓ, వీ, డబ్ల్యూ అక్షరాలు కలిపిరాతలో పై గీత దగ్గర ముగుస్తాయి. కాబట్టి వాటి తర్వాతి అక్షరం కింది నుంచి లేవదు, పైనుంచే మొదలవుతుంది. ఓ తర్వాత వచ్చే ఆర్, ఏ తర్వాత వచ్చే ఆర్‌లా ఉండదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరాలను విడివిడిగా దిద్దించి, ఈ జోడింపులను అంతగా దిద్దించకపోవడం వల్లే చాలామంది ఇక్కడ తడబడతారని నా అనుమానం. అందుకే ఆర్‌ను పోల్చాలంటే మరో ఓ పక్కనున్న ఆర్‌తోనే పోల్చాలి.

అపోహ: అర్థం తెలిస్తే చాలు, అక్షరం అదే తేలుతుంది.

వాక్యంలో క్రోమోజోముల సంఖ్య సగమవుతుందని ఉంటే అది మియోసిస్సే కావాలి, నిజమే. కానీ బొమ్మ కింద ఒంటరిగా ఉన్న పేరుకు ఆ ఆసరా ఉండదు. ఇలియమ్ విషయమూ అంతే. నడుమ ఈ ఉంటే చిన్నపేగు చివరి భాగం, ఐ ఉంటే తుంటి ఎముక. అస్థిపంజరం పాఠంలోనైతే ఏదో చెప్పొచ్చు. ముఖ్యమైన పదాలంటూ చివరి పేజీలో రాసుకున్న జాబితాలో అయితే చెప్పలేం. పైగా నోట్సు రాసిన అబ్బాయే తప్పు రాసి ఉండొచ్చు. అర్థాన్ని బట్టి చదివేవారి కంటికి ఆ తప్పు ఆనదు.

ఆ విద్యార్థి ఒకే అక్షరాన్ని ఒకే చోట రెండు రకాలుగా రాసేవాడైతే పై పోలికలేవీ పనిచేయవు. అప్పుడు కనిపించినంతవరకు రాసి, పక్కన చదరపు కుండలీకరణాల్లో ప్రశ్నార్థకం పెట్టి, పేజీ సంఖ్య వేసుకోవాలి. నోట్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మాటను విడిగా చూపించకుండా ఆ పేజీని నోటితో చదవమని అడిగితే ఇంకా మంచిది. విడిగా చూపిస్తే ఒక్కోసారి రాసినవాడికీ అర్థం కాదు.