కొత్త క్యాబా, పాత బండా?

హైదరాబాద్‌లో అద్దె క్యాబ్ నడిపే ఓ డ్రైవర్ కథ ఇది. కొత్త బండికి 6 లక్షల లోను తీసుకుంటే, 11 శాతం వడ్డీకి ఐదేళ్లపాటు నెలకు సుమారు 13,000 రూపాయల కిస్తీ. గిరాకీ లేని నెలలోనూ కట్టాల్సిందే. ఆ భయంతోనే, దాచుకున్న డబ్బుతో 3 లక్షల పాత బండి కొనాలనుకున్నాడు.

మెకానిక్ స్టార్ట్ చేసి రేజ్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చింది. “అన్నా, ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. వద్దు.”

రెండో బండి ఇంజిన్ బాగుంది కానీ, ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. అప్పు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా డ్రైవర్ అడ్వాన్స్ ఇవ్వలేదు. అవి వచ్చాకే కొన్నాడు. మిగిలిన డబ్బును క్లచ్, టైర్ల ఖర్చుకని విడిగా పెట్టుకున్నాడు.